ముప్పై పీసులూ ఓకే, మరి సీపీకే 0.92 ఎలా వచ్చింది?

ప్రశ్న: సార్, జీడిమెట్లలో చిన్న సీఎన్‌సీ షాపులో క్వాలిటీ చూస్తున్నాను. 25 మి.మీ. షాఫ్ట్ డయా, టాలరెన్స్ ±0.020. వరసగా 30 పీసులు కొలిచాం, ఒక్కటి కూడా రిజెక్ట్ లేదు. సగటు 25.009, సిగ్మా 0.004. సీపీ 1.67 వచ్చింది కానీ సీపీకే 0.92. కస్టమర్ 1.33 కావాలంటున్నారు. ఈ మెషీన్ పనికిరాదేమో, కొత్తది చూడాలా అని మా ఓనర్ అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?

కొత్త మెషీన్ వద్దని చెప్పండి. మీ మెషీన్ ఆ 40 మైక్రాన్ల టాలరెన్స్‌లో హాయిగా పని చేయగలదు, సీపీ 1.67 చెప్తున్నది అదే. తేడా సెట్టింగ్‌లో ఉంది. డయా మధ్యలో ఉండాల్సింది 9 మైక్రాన్లు పైకి కూర్చుంది. దాన్ని కిందికి దింపితే ఈ 30 పీసుల లెక్కలో సీపీకే కూడా 1.67 దాకా వస్తుంది. కానీ అలా వచ్చిన 1.67ని కస్టమర్‌కి పంపేయకండి. వరసగా తీసిన 30 పీసులు మీ ప్రాసెస్‌లో సగం కథే చెప్తాయి. మిగతా సగం ఇన్సర్ట్ అరిగే కొద్దీ బయటపడుతుంది.

ముందు మీ అంకెలే చూద్దాం.

```
Cp        = (25.020 - 24.980) / (6 x 0.004) = 1.67
పై వైపు     = (25.020 - 25.009) / (3 x 0.004) = 0.92
కింది వైపు   = (25.009 - 24.980) / (3 x 0.004) = 2.42
Cpk       = రెండింటిలో చిన్నది = 0.92
```

సీపీకి సగటుతో పనే లేదు. టాలరెన్స్ ఎంత వెడల్పు, మీ పీసుల చెదురు ఎంత వెడల్పు, ఈ రెండే చూస్తుంది. సగటు 25.009 బదులు 25.500 ఉన్నా సీపీ 1.67 అనే అంటుంది. సీపీకే మాత్రం సగటు నుంచి దగ్గర్లో ఉన్న గీత దాకా ఎంత చోటుందో చూస్తుంది. మీకు పై వైపు 11 మైక్రాన్లే ఉంది, కింద 29 ఖాళీగా పడి ఉంది.

ఇక 30కి 30 ఓకే అయ్యాయన్న సంగతి. సగటు నుంచి పై గీతకి 11 మైక్రాన్లు, అంటే 2.75 సిగ్మాలు. చెదురు మామూలు గంట ఆకారంలో ఉందనుకుంటే ఆ గీత దాటేవి వెయ్యికి మూడు. 30 పీసుల్లో అలాంటిది దొరకకపోవడంలో వింతేమీ లేదు, ఎక్కువసార్లు దొరకదు కూడా. అదే నెలకి 5000 పీసులు పంపితే సుమారు 15 పీసులు ఓవర్‌సైజు వెళ్తాయి. వాటిలో ఒకటి కస్టమర్ లైన్‌లో బేరింగ్ ఎక్కకుండా ఆగిందంటే మీకు ఫోన్ వస్తుంది. మీ ఓనర్‌కి సీపీకే అని చెప్పకండి, ఈ 15 పీసుల లెక్క చెప్పండి, వెంటనే అర్థమవుతుంది.

సగటు పైనే ఎందుకు కూర్చుంది?

22 ఏళ్లుగా బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షాపుల్లో టర్నింగ్ పార్టులు చూస్తున్నాను. బయటి డయా సగటు మైనస్ వైపు ఉన్న షాపు నాకు చాలా అరుదుగా కనిపించింది. ఇది మెషీన్ తప్పు కాదు, ఆపరేటర్ అలవాటు. "ప్లస్‌లో ఉంటే ఇంకో కట్ వేసుకోవచ్చు, మైనస్ అయితే స్క్రాప్" అని పని నేర్చుకున్న మొదటి వారమే చెప్తారు. కాబట్టి సెటర్ 25.000కి కాదు, 25.008కో 25.010కో సెట్ చేసి ఊపిరి పీల్చుకుంటాడు. బోర్ అయితే ఇదే అలవాటు తలకిందులవుతుంది, సగటు మైనస్ వైపు ఉంటుంది. మాన్యువల్ లేత్ మీద ఒక్కో పీసు చేసే రోజుల్లో అది మంచి అలవాటే. రోజుకి మూడు వందల పీసులు తీసే సీఎన్‌సీ మీద అదే మీ సీపీకేని తినేస్తోంది.

అతన్ని తిట్టి లాభం లేదు. ప్రాసెస్ షీట్ మీద 25 ±0.020 అని మాత్రమే రాసి ఉంటే అతని దృష్టిలో 25.015 కూడా సరైన పీసే. షీట్ మీద "సెట్టింగ్ టార్గెట్ 25.000, మొదటి పీసు 24.997 నుంచి 25.003 లోపు" అని వేరే లైను రాయించండి. నేను చూసిన చోట్ల ఈ ఒక్క లైనే సగం పని చేసింది.

అయితే ఇప్పుడే వెళ్లి ఆఫ్‌సెట్‌లో 9 మైక్రాన్లు తగ్గించేయకండి. ముందు ఒక మాట అడగాలి: ఆ 30 పీసులు ఎప్పుడు కొలిచారు?

చక్ నుంచి తీసి, గుడ్డతో కూలెంట్ తుడిచి, వెంటనే మైక్రోమీటర్ పెట్టి ఉంటే పీసు ఇంకా వేడిగా ఉంటుంది. ఉక్కు డిగ్రీకి మీటరుకి సుమారు 11.5 మైక్రాన్లు పెరుగుతుంది. 25 మి.మీ. డయా మైక్రోమీటర్ కంటే 15 డిగ్రీలు వేడిగా ఉంటే 4 మైక్రాన్ల పైనే ఎక్కువ చూపిస్తుంది. చేతికి కాస్త వెచ్చగా తగిలితే చాలు, అంత తేడా ఉండొచ్చు. మీ 9లో 4 ఇలా వచ్చినవే అయితే అసలు సగటు 25.005. మీరు 9 తగ్గిస్తే అది 24.996కి దిగుతుంది, సీపీకే 1.67 రాదు, 1.33 దగ్గరే ఆగుతుంది. పైగా కస్టమర్ చల్లారిన పీసు కొలిచి ఇంకో అంకె చెప్తారు, అప్పుడు ఎవరి మైక్రోమీటర్ కరెక్టని గొడవ మొదలవుతుంది.

మే నెలలో షెడ్డు లోపల నలభై డిగ్రీలున్నా భయపడక్కర్లేదు. పీసు, మైక్రోమీటర్, సెట్టింగ్ మాస్టర్ మూడూ ఉక్కువే, మూడూ అదే వేడిలో ఉంటే పెరుగుదల ఒకదానికొకటి పోతుంది. ప్రమాదమంతా వాటి మధ్య తేడాలో ఉంది. పీసుల్ని సర్ఫేస్ ప్లేట్ మీద మాస్టర్ పక్కనే అరగంట ఉంచి, మాస్టర్‌తో సున్నా చూసుకుని, అప్పుడు కొలవండి. మీ 30 పీసులు ఇంకా బిన్‌లో ఉంటే ముందు వాటినే మళ్లీ కొలవండి, ఖర్చు లేని పని.

మైక్రోమీటర్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 0.01 లీస్ట్ కౌంట్ ఉన్నదైతే ఈ పనికి వద్దు, 40 మైక్రాన్ల టాలరెన్స్‌ని నాలుగు మెట్లుగా చూడటం అవుతుంది. 0.001 చూపేది కావాలి. ఒకసారి ఒక షాపులో నాకిచ్చిన షీట్‌లో 50 రీడింగులు ఉన్నాయి. ఒక్కటీ 0 తోనో 5 తోనో కాకుండా ముగియలేదు. 25.005, 25.010, 25.005, 25.000. అంటే ఆ కుర్రాడు 0.01 మైక్రోమీటర్‌తో కొలిచి మధ్యది కంటి అంచనాతో రాశాడు. సీపీకే మాత్రం రెండు దశాంశాల దాకా లెక్కకట్టి, రంగు రంగుల రిపోర్టు తీశారు. మీ షీట్‌లో చివరి అంకెలు ఒకసారి చూసుకోండి.

చల్లారాక కూడా సగటు పైనే ఉంటే అప్పుడు ఆఫ్‌సెట్ తగ్గించండి. మీ కంట్రోలర్ ఎక్స్ ఆఫ్‌సెట్‌ని డయాలో తీసుకుంటుందా రేడియస్‌లోనా ముందే తెలుసుకోండి. తెలియకుండా 9 కొడితే 18 తగ్గొచ్చు.

ఇప్పుడు అసలు విషయం: వరసగా తీసిన 30 పీసులు.

30 పీసులు తీయడానికి మీకు ముప్పావు గంటో గంటో పట్టి ఉంటుంది. ఒకే ఇన్సర్ట్, ఒకే ఆపరేటర్, ఒకే బార్, మధ్యలో ఆఫ్‌సెట్ ముట్టుకోలేదు. అందులో వచ్చిన 0.004 సిగ్మా మెషీన్ తన మంచి మూడ్‌లో ఉన్నప్పటి చెదురు. కస్టమర్‌కి వెళ్లేది నెలంతా తీసిన పీసులు.

కొన్నేళ్ల కిందట నాకు ఎదురైన కేసు చెప్తాను. పంపు షాఫ్ట్, 32 మి.మీ. డయా, టాలరెన్స్ మీదే, ±0.020. వరసగా 30 తీస్తే సిగ్మా 0.004, సగటు మధ్యలో, సీపీకే 1.6 దాటింది. రిపోర్టు పంపారు. రెండు నెలల తర్వాత కస్టమర్ 32.022 ఉన్న పీసులు రెండు వెనక్కి పంపారు. అందరూ ఆశ్చర్యపోయారు, 1.6 ఉన్న ప్రాసెస్‌లో ఇది ఎలా అని.

అప్పుడు నేను చేయించింది ఇది. ప్రతి 20 పీసులకోసారి వరసగా 5 పీసులు తీసి పక్కన పెట్టాలి, ఎన్నో గ్రూపో టైము ఎంతో దాని మీద మార్కర్‌తో రాయాలి. ఆపరేటర్ మామూలుగా పనిచేసినట్టే పని చేయాలి. ఇలా 25 గ్రూపులు, మొత్తం 125 పీసులు, సుమారు 500 పీసుల పరుగు, రెండు షిఫ్టులు.

ఒక్కో గ్రూపులో పెద్దది మైనస్ చిన్నది తీస్తే రేంజ్ వస్తుంది. 25 రేంజుల సగటు 0.0093. గ్రూపులో 5 పీసులున్నప్పుడు దాన్ని 2.326తో భాగిస్తే గ్రూపు లోపలి సిగ్మా వస్తుంది, 0.004. అదే పాత అంకె. కానీ 125 రీడింగుల్నీ ఒకే కుప్పగా పోసి సిగ్మా తీస్తే 0.006 వచ్చింది. సగటు 32.001.

```
గ్రూపు లోపలి సిగ్మాతో : Cpk = 0.019 / (3 x 0.004) = 1.58
మొత్తం సిగ్మాతో      : Ppk = 0.019 / (3 x 0.006) = 1.06
```

సూత్రం ఒకటే, పీసులు ఒకటే. సిగ్మా ఎక్కడి నుంచి తెచ్చారన్నదే తేడా. సీపీకేలో గ్రూపు లోపలి చెదురు పడుతుంది, పీపీకేలో మొత్తం పరుగులోని చెదురు పడుతుంది. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే ప్రాసెస్ కుదురుగా ఉన్నట్టు. ఇలా 1.58, 1.06 అని విడిపోతే గ్రూపుకీ గ్రూపుకీ మధ్య ఏదో కదులుతోందని అర్థం.

ఏం కదులుతోందో గ్రూపు సగటుల్ని టైము వరసలో కాగితం మీద పెట్టగానే కనిపించింది. 31.995, 31.999, 32.003, 32.007. మళ్లీ 31.995, 31.999, 32.003, 32.007. రంపం పళ్లలాగా. ఇన్సర్ట్ ముక్కు అరిగే కొద్దీ బయటి డయా పెరుగుతుంది కదా, అక్కడ 20 పీసులకి 4 మైక్రాన్ల చొప్పున పెరుగుతోంది. ఆపరేటర్ 80 పీసులకోసారి చూసి 16 మైక్రాన్లు దించుతున్నాడు. అతనికి భోజనం టైము పడి 80 కాస్తా 130 అయిన రోజే ఆ రెండు పీసులు వెళ్లాయి.

పరిష్కారం మెషీన్‌లో లేదు, ఆ 80లో ఉంది. 40 పీసులకోసారి 8 మైక్రాన్లు దించమన్నాం. కొత్త సెట్టింగ్‌లో మొదటి పీసు 32.000 కాదు, 31.996కి పెట్టమన్నాం, అక్కడి నుంచి 32.004 దాకా పెరిగి మళ్లీ దిగుతుంది, మధ్యది సగటు అవుతుంది. మళ్లీ 125 పీసులు తీస్తే మొత్తం సిగ్మా 0.0046కి దిగింది, సగటు 32.001, పీపీకే 1.38. గ్రూపు లోపలి 0.004 అలాగే ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఖర్చు ఏమిటంటే ఆపరేటర్ రెండింతలు కొలవాలి, అంతే.

ఇంకా తరచుగా, ఒక్కో పీసుకీ సరిచేస్తే ఇంకా మంచిది కదా అని అదే షాపులో నైట్ షిఫ్ట్ కుర్రాడు మొదలుపెట్టాడు. పీసు 3 మైక్రాన్లు ఎక్కువొస్తే 3 తగ్గించడం, తర్వాతది 5 తక్కువొస్తే 5 పెంచడం. పాపం, చాలా శ్రద్ధగా చేశాడు. అతని షిఫ్ట్‌లో చెదురు అందరికంటే ఎక్కువ. ఒక్క పీసులో కనిపించే 3 మైక్రాన్లలో చాలావరకు ఊరికే వచ్చే చెదురు, తర్వాతి పీసుకి అది ఉండదు. లేనిదాన్ని సరిచేస్తే కొత్త తప్పు జత చేసినట్టే. ప్రతి పీసుకీ తేడా మొత్తం సరిచేస్తూ పోతే సిగ్మా 1.41 రెట్లవుతుంది, 0.004 కాస్తా సుమారు 0.0057, సీపీ 1.67 నుంచి 1.18కి పడిపోతుంది. ఆఫ్‌సెట్ కదిలించేది 5 పీసుల సగటు చూసి, ఒక్క పీసు చూసి కాదు. ఇన్సర్ట్ మార్చినప్పుడు మాత్రం మొదటి కొన్ని పీసులు విడిగా చూడాలి, కొత్త అంచు ఎక్కడ కూర్చుంటుందో ముందే చెప్పలేం.

మీ షాఫ్ట్‌కి ఇన్సర్ట్ ఎంత వేగంగా అరుగుతుందో నాకు తెలియదు. మెటీరియల్, స్పీడు, కూలెంట్ బట్టి మారుతుంది. కాబట్టి నా 40ని కాపీ కొట్టకండి. ఒక కొత్త ఇన్సర్ట్ పెట్టి, ఆఫ్‌సెట్ ముట్టుకోకుండా, 20 పీసులకోసారి 5 చొప్పున కొలుస్తూ పోండి. సగటు 25.012 దాటుతుంటే ఆపేయండి. ఎన్ని పీసులకి ఎన్ని మైక్రాన్లో ఒక్క పూటలో తేలిపోతుంది.

మీరు తీసిన 30 గురించి ఇంకో చిన్న హెచ్చరిక. శాంపిల్ 30 అయినప్పుడు లెక్కలో 1.67 వచ్చినా అసలు విలువ సుమారు 1.2 నుంచి 2.1 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 125 అయితే దాదాపు 1.45 నుంచి 1.9 మధ్యకి బిగుస్తుంది. అందుకే 1.31 వచ్చింది, 1.35 వచ్చింది అని రెండో దశాంశం మీద తగువు పడేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. ఇంకోటి, పైన చెప్పిన వెయ్యికి మూడు లాంటి లెక్కలు గంట ఆకారం మీద నిలబడినవి. రంపం పళ్లలా కదిలే ప్రాసెస్‌కి సీపీకే నుంచి ఎన్ని రిజెక్టులో లెక్కకడితే తప్పొస్తుంది. మొదట కదలిక తగ్గించండి, తర్వాతే ఆ లెక్క.

ఎక్సెల్‌లో చేస్తుంటే 125 రీడింగుల మొత్తం సిగ్మాకి ఇది వాడండి. చివర్లో `P` ఉన్నది వాడితే సిగ్మా కొంచెం తక్కువొచ్చి పీపీకే కొంచెం ఎక్కువ కనిపిస్తుంది.

```
=STDEV.S(B2:B126)
```

ఇదే షాఫ్ట్‌కి రనౌట్ కూడా అడిగి ఉంటే దానికి సీపీ లెక్కించకండి. కింది గీత సున్నా, అక్కడికి ఎంత దగ్గరైతే అంత మంచిది. పై వైపు ఒక్కటే చూడాలి, దాని చెదురు గంట ఆకారంలో ఉండదు కూడా. అది వేరే ప్రశ్నగా అడగండి, రాస్తాను.

కస్టమర్‌ని ఇవాళే అడగాల్సింది ఒకటుంది. ఆయన అడిగే 1.33 సీపీకేనా, పీపీకేనా, ఎన్ని పీసుల మీద? ఆటో కంపెనీలకి చేస్తుంటే కొత్త పార్టుకి మొదటి స్టడీలో 1.67 అడగడం మామూలే, అది ముందే తెలిస్తే మంచిది. తర్వాత ఓ వారం టైము తీసుకోండి. చల్లారిన పీసులు, 0.001 మైక్రోమీటర్, టార్గెట్ 25.000, 25 గ్రూపులు. రిపోర్టుతో పాటు 125 రీడింగులూ టైము వరసలోనే పంపండి, ఎప్పుడు ఆఫ్‌సెట్ దించారో ఎప్పుడు ఇన్సర్ట్ మార్చారో పక్కనే రాసి. పీపీకే 1.25 వచ్చినా, ఎందుకొచ్చిందో ఎలా పెంచుతారో ఆ షీట్‌లోనే కనిపిస్తే, కారణం లేకుండా 1.67 అని రాసిన కాగితం కంటే దాన్నే నమ్మే కస్టమర్లు నాకు ఎక్కువ తగిలారు. గ్రూపు సగటులు వచ్చాక ఇక్కడ పెట్టండి, రంపం పళ్లు ఉన్నాయో లేదో చూసి చెప్తాను.